సందేహాలు - సమాధానాలు: తెమడ తగ్గితే క్రిమి పోయినట్టేనా?

డాక్టర్ గారూ, మా బాబుకు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ కిందట చెమట పరీక్షలో క్లోరైడ్ 96 వచ్చింది, సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నారు. మొన్నటిదాకా తెమడ కల్చర్‌లో స్టెఫిలోకాకస్ అని రాసేవారు. ఈసారి మొదటిసారిగా సూడోమోనాస్ వచ్చిందట. వాడు హాయిగా ఆడుకుంటున్నాడు, దగ్గు కూడా పెరగలేదు. అయినా 28 రోజులు టోబ్రామైసిన్ నెబ్యులైజర్‌లో పెట్టమంటున్నారు. బాగున్న పిల్లాడికి ఇంత మందు అవసరమా?
– ఒక తల్లి, వరంగల్

అవసరమేనమ్మా. పిల్లాడు బాగున్నప్పుడే పెట్టాలి. కారణం చెబుతాను.

ఈ జబ్బులో సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్ సరిగా పనిచేయదు. శ్వాసనాళాల లోపలి పొర మీదకు క్లోరైడ్, బైకార్బొనేట్ రావలసినంత రావు, వాటితో పాటు నీరూ తగ్గుతుంది. అక్కడి జిగురు చిక్కబడి కదలకుండా నిలిచిపోతుంది. మామూలు వాళ్ళలో ఊపిరితో లోపలికి వెళ్ళిన క్రిములు ఆ జిగురుకు అంటుకుని పైకి కొట్టుకొచ్చేస్తాయి. వీళ్ళలో అవి అక్కడే కాపురం పెడతాయి.

ఆ క్రిములు వయసుతో మారుతుంటాయి. పసితనంలోనూ బడి ఈడులోనూ ఎక్కువగా కనిపించేవి స్టెఫిలోకాకస్ ఆరియస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే. పెరిగే కొద్దీ సూడోమోనాస్ ఎరుగినోసా పైచేయి అవుతుంది. మాడ్యులేటర్ మందులు రాకముందు ఈ జబ్బున్న పెద్దవాళ్ళలో సగానికి పైగా దానితోనే బతికేవారు. ఇంకా ముందుకెళితే కొందరిలో స్టెనోట్రోఫోమోనాస్, అక్రోమోబాక్టర్, బర్ఖోల్డేరియా, క్షయ క్రిమికి చుట్టాలైన ఇతర మైకోబాక్టీరియాలు చేరతాయి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు కూడా వస్తుంది. అందరికీ అన్నీ రావు, ఇదే వరుసలోనూ రావు.

సూడోమోనాస్‌కు రెండు దశలుంటాయి. బయట నీళ్ళలోంచో తడి నేలలోంచో కొత్తగా వచ్చినప్పుడు సంఖ్య తక్కువ, మందుకు లొంగుతుంది. నెలలు, ఏళ్ళు గడిస్తే గాలి ఆడని ఆ చిక్కటి జిగురులో తన చుట్టూ ఆల్జినేట్ అనే పొర తయారుచేసుకుంటుంది. ల్యాబ్ వాళ్ళు రిపోర్టులో ‘మ్యూకాయిడ్’ అని రాసేది ఈ రూపాన్నే. అక్కడిదాకా వస్తే యాంటీబయాటిక్‌తో అణచి ఉంచగలమే గాని, తరిమేయడం చాలా అరుదు. మీ డాక్టరు గారు పట్టుకున్నది మొదటి దశను. అది మీ అదృష్టం. మన దగ్గర చాలామంది పిల్లలకు జబ్బు పేరు తెలిసేనాటికే సూడోమోనాస్ ఉంటోంది.

పద్ధతి ఇది: 300 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 28 రోజులు. 56 రోజులు వాడితే ఇంకా మంచిదా అని పోల్చి చూశారు, అదనపు లాభం కనబడలేదు. వరుస ముఖ్యం. ముందు నాళాలు తెరిచే మందు, తర్వాత గాఢమైన ఉప్పునీటి నెబ్యులైజర్, ఆపైన ఫిజియోథెరపీతో తెమడ తీయడం, చివర టోబ్రామైసిన్. తెమడ తీయకుండా పెడితే మందు జిగురు మీదే ఆగిపోతుంది. కోర్సు అయ్యాక కొన్ని వారాలకు మళ్ళీ కల్చర్ చేయించాలి. క్రిమి ఇంకా ఉంటే మరో విడత ఆలోచిస్తారు. లేకపోయినా మూడు నెలలకోసారి కల్చర్ ఆపవద్దు.

ఒక్క మాట. శాంపిల్ ఇచ్చేటప్పుడు కాగితం మీద ‘సిస్టిక్ ఫైబ్రోసిస్’ అని రాయించండి. బర్ఖోల్డేరియా పెరగాలంటే ల్యాబ్‌లో దానికి వేరే మీడియం వాడాలి. చెప్పకపోతే మామూలు ప్లేటు మీద సూడోమోనాస్ గబగబా పెరిగి దాన్ని కప్పేస్తుంది. పిల్లాడు తెమడ ఉమ్మలేకపోతే ఉప్పునీటి నెబ్యులైజర్ పెట్టాక తీసిన శాంపిల్, ఉత్త గొంతు స్వాబ్ కంటే నమ్మదగ్గది.

మా అమ్మాయికి పదహారేళ్ళు. ఇక్కడ న్యూజెర్సీలో పుట్టిన వెంటనే చేసే స్క్రీనింగ్‌లోనే జబ్బు తెలిసింది. ఎఫ్508డెల్ రెండు కాపీలు ఉన్నాయి. మూడు మందుల మాత్ర మొదలుపెట్టాక తెమడే రావడం లేదు. కానీ మొన్న కల్చర్‌లో పాత సూడోమోనాస్ మళ్ళీ వచ్చింది. మందు పనిచేయడం మానేసిందా? ఉప్పునీరు ఆపేస్తానని తను గొడవ చేస్తోంది.
– ఒక తండ్రి, న్యూజెర్సీ

మందు పనిచేస్తోంది. అది చేసే పని వేరు, మీరు ఆశించిన పని వేరు.

ఎఫ్508డెల్ ఉన్నవాళ్ళలో సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్ సరిగా మడత పడక, కణం లోపలే నాశనమైపోతుంది. ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్ దాని మడత సరిచేసి కణం అంచుకు చేరుస్తాయి. వీటిని కరెక్టర్లు అంటారు. అంచుకు చేరినా తలుపు తెరవకుండా నిలబడే ప్రొటీన్‌ను తెరిచి ఉంచేది ఐవాకాఫ్టర్, అది పొటెన్షియేటర్. 2012లో అమెరికాలో ముందుగా అనుమతి వచ్చింది ఐవాకాఫ్టర్‌కే, అదీ జీ551డీ అనే మ్యుటేషన్ ఉన్న కొద్దిమందికి. ఈ మూడూ కలిసిన మాత్ర 2019లో వచ్చింది. దాని పరీక్షల్లో, ఒక్క ఎఫ్508డెల్ కాపీ ఉన్నవాళ్ళలో ఊదుడు పరీక్ష అంకె సుమారు 14 పాయింట్లు పెరిగింది, జబ్బు ముదిరే సందర్భాలు 63 శాతం తగ్గాయి.

ఇందులో ఏదీ యాంటీబయాటిక్ కాదండీ. నాళాల్లో నీరు పెరుగుతుంది, జిగురు పలచబడుతుంది, క్రిముల సంఖ్య బాగా పడిపోతుంది. కానీ ఏళ్ళ తరబడి పాతుకున్న సూడోమోనాస్ చాలామందిలో అదే రకంగా మిగిలే ఉంటోంది. ఇప్పటికే వెడల్పైపోయిన నాళాలు మళ్ళీ మామూలుగా మారవు, క్రిమి దాక్కునేది ఆ మూలల్లోనే. ఇంకో చిక్కుంది. తెమడ రానప్పుడు గొంతు స్వాబ్‌లో ఏమీ పెరగకపోవచ్చు. అది చూసి క్రిమి లేదనుకోకూడదు.

ఉప్పునీటి విషయంలో మాత్రం అమ్మాయి మాట పూర్తిగా తీసిపారేయకండి. ఈ మాత్ర వాడుతూ ఊపిరితిత్తుల పనితనం బాగున్నవాళ్ళు ఆరు వారాలు ఉప్పునీరు ఆపితే ఊదుడు పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ ఆరు వారాల ఫలితాన్ని ఆరేళ్ళకు సాగదీయలేం, అందులోనూ కల్చర్‌లో సూడోమోనాస్ ఉన్నప్పుడు. ఆపాలనుకుంటే క్లినిక్‌తో చెప్పి, ముందూ వెనకా ఊదుడు పరీక్ష చేయించి ఆపాలి. తనంతట తాను మానేస్తే నష్టం ఆలస్యంగా తెలుస్తుంది.

మాత్ర కొవ్వున్న తిండితో వేసుకుంటుందా కనుక్కోండి. నెయ్యి వేసిన అన్నమో గుడ్డో వేరుశనగ పచ్చడో ఉండాలి. ఎంజైమ్ మాత్రలు వాడుతుంటే అవీ దానితోనే. ఉత్త కాఫీతో మింగితే సగం వృథా. లివర్ పరీక్షలు, మొదటి ఆర్నెల్లలో మరీ దగ్గరగా, తప్పనిసరి. నిద్ర, మనసు తీరు మారినా దాచవద్దని చెప్పండి.

నాకు 21 ఏళ్ళు. ఎఫ్508డెల్ ఒక కాపీ ఉంది. బయటినుంచి మూడు మందుల మాత్ర తెప్పించుకుని నాలుగు నెలలుగా వాడుతున్నాను, బరువు పెరిగాను. ఇప్పుడు కఫంలో ఏఎఫ్‌బీ పాజిటివ్ వచ్చింది. టీబీ మందులు మొదలుపెట్టమన్నారు.
– ఒక యువకుడు, నెల్లూరు

మొదలుపెట్టే ముందు ఒక్క పరీక్ష చూడు బాబూ. స్లైడ్ మీద ఎర్రగా కనిపించే ప్రతి ఏఎఫ్‌బీ క్షయ క్రిమి కాదు. నీ జబ్బులో మైకోబాక్టీరియం అబ్సెసస్, ఏవియం లాంటివి కూడా అలాగే కనబడతాయి. జీన్‌ఎక్స్‌పర్ట్ చేయించు. స్లైడ్ పాజిటివ్, జీన్‌ఎక్స్‌పర్ట్ నెగెటివ్ అయితే ఈ రెండో రకాన్ని గట్టిగా అనుమానించాలి. కల్చర్ పెట్టి, జాతి తేల్చి, ఆ తర్వాతే మందు. వాటి చికిత్స వేరు, నెలల తరబడి సాగుతుంది. కొన్నిసార్లు వెంటనే వైద్యం చేయకుండా గమనిస్తూ కూడా ఉంటాం.

నిజంగా క్షయే అయితే దానికి వైద్యం ఆపకూడదు. అక్కడొక చిక్కు ఉంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ లివర్‌లోని ఎంజైములను ఉసిగొల్పి, ఒంట్లోని ఐవాకాఫ్టర్‌ను 89 శాతం తగ్గించేస్తుంది. రెండూ కలిపి వాడితే నీ ఖరీదైన మాత్ర ఉత్తదైపోతుంది. రిఫాంపిసిన్ బదులు ఏం వాడాలో, లేక మాత్రను కొన్నాళ్ళు ఆపాలో టీబీ డాక్టరూ నీ ఊపిరితిత్తుల డాక్టరూ ఒకచోట కూర్చుని తేల్చాలి. బూజుకు ఇచ్చే ఇట్రాకొనజోల్ దీనికి వ్యతిరేకం. అది మాత్ర మోతాదును ఒంట్లో పెంచేస్తుంది, అప్పుడు మాత్రలు తగ్గించాలి. టీబీ సెంటర్‌కు వెళ్ళేటప్పుడు నీ మాత్ర డబ్బా వెంట తీసుకెళ్ళు. బయటినుంచి తెప్పించుకున్న మందు వాళ్ళ రికార్డుల్లో ఉండదు.