108 బండి ఆలస్యమైతే జవాబుదారీ ఎవరు?

సూళ్లూరుపేట దగ్గర జాతీయ రహదారిపై ప్రమాదం జరిగిందనుకుందాం. 108 ఫోన్ ఎత్తేదీ, బండి నడిపేదీ ప్రభుత్వం బాధ్యత అప్పగించిన సంస్థ సిబ్బంది. ఖర్చు ప్రభుత్వానిది. గాయపడినవారిని బండి ఎక్కించేది స్థానిక యువకులు. చేర్చుకునేది సర్కారు ఆసుపత్రి. పని అందరిదీ. మరి బండి ఆలస్యమైతే జవాబు ఎవరిది?

ఈ సేవ మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2005లో మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం నెలకొల్పిన ఈఎంఆర్ఐ అనే లాభాపేక్ష లేని సంస్థ, ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని దీన్ని నడిపింది. క్రమంగా నిర్వహణ ఖర్చులో సింహభాగం ప్రభుత్వ ఖజానా నుంచే వచ్చింది. అయినా ప్రజలకు అది ఒక దాత చేస్తున్న సేవగానే కనిపించింది. 2009 జనవరిలో సత్యం ఖాతాల మోసం బయటపడ్డాక, ఒక కంపెనీ కష్టం లక్షలాది రోగులు నమ్ముకున్న సేవకు ముప్పుగా మారింది. అదే ఏడాది జీవీకే సంస్థ బాధ్యత తీసుకోవడంతో బండ్లు ఆగలేదు. కానీ డబ్బు ప్రజలది, నిర్వహణ మరొకరిది అయినప్పుడు లెక్క అడిగే దారి ఏమిటన్న ప్రశ్న మిగిలింది.

అసలు చిక్కు కొలతలో ఉంటుంది. బండి ఎన్ని నిమిషాల్లో చేరిందో నమోదు చేసేది సాధారణంగా నిర్వహణ సంస్థే. ఉదాహరణకు పది మంది ఫోన్ చేశారు. ఎనిమిది మందికి పదిహేను నిమిషాల్లో బండి వచ్చింది. ఇద్దరికి ఖాళీ బండి లేదన్నారు. బండి వెళ్లిన కేసులనే లెక్కిస్తే సగటు పదిహేను నిమిషాలే! బండి రాని ఇద్దరూ ఆ సగటులో కనిపించరు. అలాగే గడియారం ఫోన్ వచ్చిన క్షణం నుంచి తిరుగుతుందా, బండి కదిలిన క్షణం నుంచా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది.

అందుకే అడగవలసినవి మూడు: మొత్తం ఫోన్లెన్ని, బండి పంపనివెన్ని, ఫోన్ వచ్చిన సమయం నుంచి చేరిన సమయమెంత. ఆ సమయాలను ఆసుపత్రి రిజిస్టరుతోనూ, ఫోన్ చేసినవారి మొబైల్లోని కాల్ సమయంతోనూ పోల్చవచ్చు. తేడా ఎక్కడుందో అక్కడే లోపం తెలుస్తుంది.

అడిగే హక్కుకు ఆధారం సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 2(హెచ్). ప్రభుత్వ నిధులు గణనీయంగా పొందే స్వచ్ఛంద సంస్థ కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తుందని 2019లో డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గణనీయం అంటే సగానికి మించాలన్న నియమం లేదు. అయితే అది ఒక్కో సంస్థ విషయంలో విడిగా తేల్చవలసిన సంగతి. ఈలోగా ఒప్పందం ప్రతిని, చెల్లింపుల వివరాలను ఆరోగ్య శాఖనే అడగవచ్చు. పనిని ఇతరులకు అప్పగించినా, ప్రజాధనానికి లెక్క చెప్పే బాధ్యతను శాఖ అప్పగించలేదు.

సర్కారు సొమ్ము తీసుకునే ఏ సొసైటీకైనా ఇదే సూత్రం వర్తిస్తుంది.