పాల పుస్తకం నుంచి నెల చెల్లింపు

ప్రశ్న: పాతబస్తీ తబేలాల పాలకు పూటపూటా లీటర్లు, ఫ్యాట్ పుస్తకంలో రాసే కేంద్రం నెల లెక్క ఎలా తేల్చాలి?

జవాబు: ప్రతి పూటనూ ఎక్సెల్‌లో ఒక్కో వరుసగా ఎక్కించి, C గడిలో లీటర్లు, D గడిలో ఫ్యాట్ శాతం ఉంచి, E గడిలో కింది సూత్రం రాస్తే, లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కనుక, ఆ పూట పాలలోని కొవ్వు కిలోల్లో వస్తుంది.

```
=C2*1.03*D2/100
```

నెలాఖరున పాలు పోసినవారి పేరువారీగా ఈ కిలోలను కూడి, కిలో ఫ్యాట్ ధరతో గుణించాలే తప్ప, ఫ్యాట్ అంకెలకు సగటు తీయడం తప్పు. ఉదయం 10 లీటర్లు 6 శాతంతో, సాయంత్రం 4 లీటర్లు 8 శాతంతో వచ్చాయనుకుంటే, సగటు 7 చొప్పున కొవ్వు 1.009 కిలోలుగా తేలుతుంది గాని అసలున్నది 0.948 మాత్రమే, కిలో ధర 800 రూపాయలైతే ఒక్క రోజుకే దాదాపు 49 రూపాయలు అదనంగా పోతాయి. చేతిరాతలో చుక్క చెరిగితే 6.5 కాస్తా 65 అవుతుంది కనుక, 12 దాటిన ఫ్యాట్ అంకెను పుస్తకంతో మళ్లీ సరిచూడాలి.