ఎఫ్ అండ్ ఓ నష్టం: లెక్కలో చూపాలా, ఆడిట్ కావాలా?

మన హాస్టల్లో నిఫ్టీ ఆప్షన్స్ గురించి మాట్లాడేవాళ్లకి కొదవ లేదు. "నష్టమే కదా వచ్చింది, దానికి పన్నేంటి, రిటర్నేంటి?" అనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఆ మాట ఎంతవరకు నిజమో మా పెద్దనాన్నగారి అబ్బాయి లెక్క ముందుపెట్టుకుని చూద్దాం. 2023-24 సంవత్సరానికి అన్నయ్య రిటర్న్ వేసేటప్పుడు పక్కన కూర్చుని లెక్కలు కట్టింది నేనే.

ముందు ఒక విషయం. షేరు కొని, కొన్నాళ్లు ఉంచుకుని అమ్మితే వచ్చేది మూలధన లాభం. ఫ్యూచర్స్, ఆప్షన్స్ మీద వచ్చేది మాత్రం వ్యాపార ఆదాయం. డెలివరీ లేకుండా తేల్చుకునే లావాదేవీని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్పెక్యులేషన్ అంటుంది. కానీ గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలో జరిగే డెరివేటివ్ ట్రేడింగ్‌కి సెక్షన్ 43(5)లో మినహాయింపు ఉంది. కాబట్టి ఇది మామూలు వ్యాపారం కిందే లెక్క. ఉద్యోగస్తుడైనా సరే, ఐటీఆర్-1, ఐటీఆర్-2 పనికిరావు, ఐటీఆర్-3 వేయాలి.

ఇక అన్నయ్య లెక్క. జీతం 9 లక్షలు, బ్యాంకు వడ్డీ 40,000. ఏడాదిలో లాభం వచ్చిన ట్రేడ్‌లన్నీ కలిపితే 2,60,000, నష్టం వచ్చినవన్నీ కలిపితే 4,10,000. బ్రోకరేజీ, ఎస్టీటీ లాంటి ఖర్చులు 30,000. వ్యాపారం కాబట్టి ఈ ఖర్చులు కూడా తీసేసుకోవచ్చు. అంటే నికర నష్టం 1,80,000.

ఈ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు అనుకున్నాడు అన్నయ్య. చట్టం ఒప్పుకోదు. వ్యాపార నష్టాన్ని అదే ఏడాది జీతం తప్ప మిగతా ఆదాయాలతో సర్దుబాటు చేసుకోవచ్చు. కాబట్టి వడ్డీ 40,000 మీద పన్ను పోయింది, ఇంకా 1,40,000 నష్టం మిగిలింది. దీన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు, అయితే అప్పుడు వ్యాపార ఆదాయంతో మాత్రమే సర్దుబాటు అవుతుంది. వచ్చే ఏడాది ఎఫ్ అండ్ ఓలో 2,00,000 లాభం వస్తే పన్ను లెక్కకి వచ్చేది 60,000 మాత్రమే.

దీనికి ఒకటే షరతు: రిటర్న్ గడువులోపు పడాలి. ఆ ఏడాదికి అది 2024 జూలై 31. గడువు దాటాక వేసినా వడ్డీతో సర్దుబాటు దొరుకుతుంది, కానీ మిగిలిన 1,40,000 ముందుకి వెళ్లదు. "నష్టమే కదా" అని వదిలేసేవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఇదే. రిటర్న్ వేశాక సీఎఫ్ఎల్ షెడ్యూల్ తెరిచి, ఆ అంకె అక్కడ కనిపిస్తోందో లేదో చూసుకోవాలి.

ఇప్పుడు ఆడిట్. దీనికి ముందు టర్నోవర్ తెలియాలి. కాంట్రాక్టు మొత్తం విలువ చూసి కోట్లలో ఉందని కంగారుపడక్కర్లేదు. చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శకం ప్రకారం, ప్రతి ట్రేడ్‌లో వచ్చిన లాభాన్నీ నష్టాన్నీ గుర్తు చూడకుండా కలపాలి. మన భాషలో చెప్పాలంటే మాడ్యులస్ పెట్టి కూడడమే:

```
2,60,000 + |-4,10,000| = 6,70,000
```

ట్రేడింగ్ డబ్బంతా బ్యాంకు ద్వారానే నడుస్తుంది. నగదు లావాదేవీలు 5 శాతం దాటకపోతే ఆడిట్ పరిమితి 10 కోట్లు. అన్నయ్య దాని దరిదాపుల్లో కూడా లేడు.

మరి "నష్టం వస్తే ఆడిట్ తప్పదు" అనే మాట ఎక్కడిది? ఊరికే పుట్టలేదు. చిన్న టర్నోవర్ ఉన్నవాళ్లు నిర్ణీత శాతం కన్నా తక్కువ లాభం చూపి, మొత్తం ఆదాయం పన్ను పరిమితి దాటితే ఆడిట్ చేయించాలని సెక్షన్ 44ఏడీలో ఒకప్పుడు ఉండేది. 2016 ఫైనాన్స్ చట్టం దాన్ని మార్చింది. ఇప్పుడు ఆ బాధ్యత, ముందు 44ఏడీ ఎంచుకుని, 5 ఏళ్లు నిండకుండానే బయటికొచ్చినవాళ్లకి.

చిక్కు ఇక్కడే ఉంది. లాభం వచ్చిన ఏడాది "ఐటీఆర్-4లో 6 శాతం చూపించేయ్, తేలిగ్గా అయిపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అదే 44ఏడీ. అన్నయ్య అంతకుముందు ఏడాది అలా చేసి ఉంటే, ఈ ఏడాది నష్టం చూపగానే 44ఏడీ లోంచి బయటికొచ్చినట్టు. పైగా జీతం వల్ల ఆదాయం పన్ను పరిమితి దాటింది. టర్నోవర్ 6,70,000 అయినా ఆడిట్ చేయించాల్సి వచ్చేది. అలా చేయలేదు కాబట్టి ఆడిట్ లేకుండానే పని అయిపోయింది.

సెక్షన్ల నంబర్లు 2025 నాటి కొత్త చట్టంలో మారాయి, గడువు తేదీలూ ఏ ఏడాదికి ఆ ఏడాది చూసుకోవాల్సిందే. బ్రోకర్ సైట్‌లో ట్యాక్స్ పీ అండ్ ఎల్ పేరుతో దొరికే స్టేట్‌మెంట్‌ని మార్చి అయిపోగానే దింపి పెట్టుకోండి. పైన చెప్పిన అంకెలన్నీ అందులోంచే వస్తాయి. ఒక్కటి మాత్రం గమనించండి: ఇంట్రాడే షేర్ల నష్టం అందులో వేరే వరసలో ఉంటుంది. అది స్పెక్యులేషన్ నష్టం, ముందుకి వెళ్లేది 4 ఏళ్లే. దాన్ని దీనితో కలపకండి.