నోటీస్ పీరియడ్‌లో లీవ్ ఇలా అడగండి

పేపర్ పెట్టేశారు. రెండు నెలల నోటీస్ నడుస్తోంది. ఇంతలో ఊళ్లో తమ్ముడి పెళ్లి కుదిరింది. "నోటీస్‌లో లీవ్ ఉండదు బ్రో" అని పక్క సీటు ఆయన తేల్చేస్తాడు. ఆ మాట నమ్మి ఊరుకోకండి. అలాగని "బ్యాలెన్స్ ఉంది, నా ఇష్టం" అని పోర్టల్‌లో నొక్కేయకండి.

అసలు ప్రశ్న లీవ్ ఇస్తారా లేదా అన్నది కాదు. ఇస్తే మీ లాస్ట్ వర్కింగ్ డే జరుగుతుందా? ముందు దాని సంగతి తేల్చుకోండి.

ఒక లెక్క చూద్దాం. జులై 7, సోమవారం రిజైన్ చేశారు. ఆ రోజుతో కలిపి 60 రోజులంటే సెప్టెంబర్ 4, గురువారం ఆఖరి రోజు. కొత్త కంపెనీలో జాయినింగ్ 8, సోమవారం. పెళ్లి కోసం ఆగస్టు 12, 13, 14 కావాలి. 15 ఎలాగూ సెలవే, తర్వాత శని, ఆదివారాలు.

మేనేజర్ సరేనన్నారు. మీరు హ్యాపీగా పెళ్లికి వెళ్లొచ్చారు. కానీ చాలా కంపెనీల్లో నోటీస్‌లో తీసుకున్న లీవ్‌ను చివర్లో కలుపుతారు. మూడు పనిరోజులు కలిపితే మీ ఆఖరి రోజు 9, మంగళవారం. అక్కడేమో 8న జాయిన్ కావాలి! ఈ సంగతి సెప్టెంబర్ మొదటి వారంలో తెలిస్తే మీ చేతిలో ఏమీ ఉండదు. జులైలోనే తెలిస్తే మాత్రం మూడు దారులున్నాయి.

ఒకటి, పొడిగింపు ఒప్పుకుని కొత్త హెచ్‌ఆర్‌ను 15వ తేదీ జాయినింగ్ అడగండి. వారం జరపడానికి సాధారణంగా పెద్దగా అభ్యంతరం చెప్పరు, ముందే చెబితే. రెండు, పొడిగించకుండా బ్యాలెన్స్‌లోంచి గానీ, లాస్ ఆఫ్ పే కింద గానీ సర్దమనండి. ఇది పూర్తిగా మేనేజర్, హెచ్‌ఆర్ చేతుల్లో ఉంటుంది. మూడు, ఆ మూడు రోజులకు బైఅవుట్. మీ గ్రాస్ నెలకు 60 వేలు, బేసిక్ 24 వేలు అనుకుందాం. గ్రాస్ మీద కోస్తే రోజుకు 2,000 చొప్పున 6,000 పోతుంది. బేసిక్ మీదైతే 2,400. ఏ లెక్కో మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. తీసి చదవండి, ఇవాళే.

ఇక వేటికి ఒప్పుకుంటారు, వేటికి ఒప్పుకోరు? జ్వరమొస్తే సిక్ లీవ్ ఇస్తారు, డాక్టర్ సర్టిఫికెట్ మాత్రం మామూలు రోజుల కంటే గట్టిగా అడుగుతారు. ఇంట్లో చావు, ఆపరేషన్, దగ్గరివాళ్ల పెళ్లి అంటే రెండు మూడు రోజులు దాదాపు ఎవరూ కాదనరు. ట్రిప్పులకు మాత్రం మొండిచేయే. మిగిలిన ఎర్న్‌డ్ లీవ్ అంతా చివర్లో వాడేసి రెండు వారాల ముందే వెళ్లిపోతానంటే కూడా చాలాచోట్ల కుదరదు. అవి ఎన్‌క్యాష్ చేస్తామంటారు. ఆఖరి వారంలోనూ కష్టమే, ల్యాప్‌టాప్ అప్పగింత, క్లియరెన్సులు అప్పుడే కదా. జ్వరమని చెప్పి గోవా ఫొటో స్టేటస్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నా దగ్గర సలహా లేదు.

ఇంకో చిక్కు. రిజైన్ చేయకముందే అప్రూవ్ అయిన లీవ్ అలాగే ఉంటుందనుకోకండి. కొన్నిచోట్ల రిజిగ్నేషన్ ఎంటర్ కాగానే మళ్లీ అనుమతి అడుగుతారు. కాబట్టి పేపర్ పెట్టే రోజే ఆ తేదీల మాట ఎత్తండి.

అడిగే తీరు మీ చేతిలో ఉంది. ముందు మేనేజర్‌తో ముఖాముఖి మాట్లాడండి. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ ప్లాన్ పట్టుకెళ్లండి: ఏ పని ఎవరికి, ఏ తేదీకల్లా. పెళ్లికి ముందు వారానికే సగం అప్పగింత పూర్తయ్యేలా వేయండి. ఆయన భయమల్లా మీరు వెళ్లాక పని ఆగుతుందేమోనని. ఆ భయం తీరిస్తే మీ లీవ్‌కు సగం దారి దొరికినట్టే.

తర్వాత హెచ్‌ఆర్‌ను కాపీలో పెట్టి మెయిల్ కొట్టండి. అందులో మూడే విషయాలు:

- ఏ తేదీలు, ఎందుకు
- ఆ రోజుల్లో పని ఎవరు చూస్తారు
- "దీనివల్ల నా లాస్ట్ వర్కింగ్ డే సెప్టెంబర్ 4 మారుతుందా? మారితే కొత్త తేదీ తెలపగలరు"

మూడోది వదలకండి. పెళ్లి లీవ్‌కు ఆగస్టు 18, సోమవారం కూడా కలిపి అడిగే ముందు శాండ్‌విచ్ రూల్ ఉందేమో కనుక్కోండి. ఉంటే మధ్యలోని సెలవులూ మీ లీవ్‌లోకే పోతాయి.

ఒప్పుకోలేదా? చెప్పకుండా మానేయకండి. అబ్‌స్కాండింగ్ అని రాస్తే రిలీవింగ్ లెటర్ ఆగుతుంది, కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది బయటపడుతుంది. మూడు కాదంటే రెండు అడగండి. ఒక పూట వర్క్ ఫ్రమ్ హోమ్ అడగండి.

ఒప్పుకుంటే, ఆ జవాబును మీ పర్సనల్ ఐడీకి కూడా పెట్టమని హెచ్‌ఆర్‌నే కోరండి. ఆఖరి రోజు సాయంత్రానికి ఆఫీస్ మెయిల్ మూతపడుతుంది, ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్క చేతికొచ్చేది ఆ తర్వాతే.