‘ఫోన్‌లో చెప్పాను కదా’ అంటే కేసు నిలవదు

ఈ మధ్య నా టేబుల్ మీదికి ఒకే రకం ఫైళ్లు వరసగా వస్తున్నాయి. డబ్బు ముందే కట్టేశారు, సరుకు రాలేదు. ట్రాకింగ్‌లో మాత్రం ‘అడ్రస్ దొరకలేదు, కస్టమర్ అందుబాటులో లేరు’ అని ఉంటుంది. ‘రోజంతా ఇంట్లోనే ఉన్నానండీ, ఫోన్‌లో దారి కూడా చెప్పాను’ అంటారు. రుజువేదంటే నీళ్లు నములుతారు.

తాజా కేసు చూడండి. హైదరాబాద్ శివారులో ఒకాయన 32 వేలు కట్టి ఫ్రిజ్ బుక్ చేశారు. అడ్రస్‌లో ‘రామాలయం దగ్గర’ అని రాశారు. ఆ కాలనీలో రామాలయాలు రెండు. ఆర్డర్ ఆఫీసు నుంచి పెట్టడంతో పిన్ ఆఫీసు మీదే ఉండిపోయింది. డెలివరీ అబ్బాయి ఫోన్ చేస్తే ‘ఆర్చి దాటి ఎడమకు రా’ అన్నారు. మూడో ప్రయత్నం తర్వాత ఫ్రిజ్ వెనక్కి పోయింది. రవాణా ఖర్చు కోసుకుని మిగతా సొమ్ము వేశారు.

ఆ కోత మీద కేసు వేస్తే, వినియోగదారుల కమిషన్‌లో కంపెనీ ట్రాకింగ్ షీట్ పెట్టింది. మా దగ్గరున్నది కాల్ లిస్టు. అందులోనూ డెలివరీ అబ్బాయి నంబరు లేదు, కంపెనీ మధ్యలో పెట్టే ఉమ్మడి నంబరే ఉంది. కాల్ వచ్చిందని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. మమ్మల్ని ఆదుకున్నది మూడో రోజు ఆయన భార్య యాప్ చాట్‌లో పెట్టిన ఒక్క మెసేజ్: గేటు మీద పెట్టిన పిన్, ‘వాటర్ ట్యాంకు ఎదురు సందు, మూడో ఇల్లు, నీలం గేటు, ఇంట్లోనే ఉన్నాం’. కింద టైము కూడా ఉంది. అది చూశాకే కంపెనీ కోసిన సొమ్ము తిరిగిచ్చి రాజీకొచ్చింది.

కాబట్టి ఫోన్‌లో దారి చెప్పండి, పెట్టేయగానే అదే మాట చాట్‌లో రాయండి. చాట్ లేకపోతే యాప్‌లోని హెల్ప్‌లో రాయండి. పిన్‌ను మ్యాప్ మీద జరిపి సరిగ్గా మీ గేటు మీద పెట్టండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపితే మీరు కదిలితే అదీ కదులుతుంది, గరిష్ఠంగా 8 గంటలకు ఆగిపోతుంది. ఇంటికి స్థిరమైన పిన్ పంపండి. గుర్తుగా టీ బండిని చెప్పకండి, రేపు అది అక్కడుండదు. డెలివరీ అబ్బాయి ‘రాలేకపోతున్నా, ఓటీపీ చెప్పండి’ అంటే చెప్పకండి. చెబితే రికార్డులో సరుకు మీ చేతికి అందినట్టే.

రాకుండానే ‘కస్టమర్ లేరు’ అని పడితే ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. చాలామంది పంపేది యంత్రం రాసిన ‘చింతిస్తున్నాం’ ఒక్కటే. దాన్నీ దాచండి. తర్వాత 1915కి ఫోన్ చేయొచ్చు, లేదా మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నా దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం రాసిన మెసేజ్ తెండి. ‘ఫోన్‌లో చెప్పాను’ అన్న మాటను ఫైలులో పెట్టలేను.