పదిహేనేళ్ల తర్వాత కూడా నిలిచే పని ఏది? — ఒక మెకానిక్ షెడ్డు నేర్పిన పాఠం

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో మా దగ్గరికి తల్లిదండ్రులు వస్తారు. "సార్, వీణ్ణి దేంట్లో వేస్తే బాగుంటాది?" అని అడుగుతారు. ఫీజు కట్టే దాతలైన మీ మనసులో ఉండేదీ ఈ ప్రశ్నే. ఈరోజు కట్టిన ఫీజుతో ఆ పిల్లవాడు ముప్పై ఏళ్ల వయసులో ఇల్లు నడపగలడా?

కిందటేడు మన ఊళ్లో టూవీలర్ షెడ్డు నడిపే ఒక భాయ్ కొడుకును వెంటబెట్టుకొని వచ్చారు. "ఇంక కరెంటు బండ్లే వస్తాయంట గదా సార్. షోరూముల్లో అవే పెడ్తాండారు. మా పని అయిపోయినట్టే. వీన్ని ఈ పనిలో పెట్టొద్దనుకుంటాండా" అన్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చడానికి మేము ఆయనతో కూర్చొని లెక్క వేశాము. ఆ లెక్కనే పాఠంగా ఇక్కడ రాస్తున్నాము.

మొదటి ప్రశ్న: ఈ పని దేన్ని ఆనుకొని ఉంది?

ఎస్టీడీ బూతులు మీకు గుర్తుండే ఉంటాయి. బస్టాండు దగ్గర రాత్రిపూట వరసలో నిలబడి ఫోన్ చేసేవాళ్లం. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న జరిగింది. అప్పుడు బూతులు మూతపడలేదు. ఆ తర్వాత కూడా ఏళ్లపాటు కొత్త బూతులు తెరిచారు, ఎందుకంటే సెల్‌ఫోన్ మనలాంటివాళ్లకు అందే ధరలో లేదు. 2003లో ఇన్‌కమింగ్ కాల్స్‌కు డబ్బు కట్టే బాధ పోయింది, ఫోన్ల ధరలూ దిగుతూ వచ్చాయి. ఇక కొన్నేళ్లలోనే బూతులు ఖాళీ అయ్యాయి.

అంత త్వరగా ఎందుకు పోయాయి? బూతు పని ఏ వస్తువునూ ఆనుకొని లేదు. కాల్ అనేది ఏ రోజుకారోజు కొనుక్కునేది. చేతికి సెల్ వచ్చిన మనిషి మర్నాటి నుంచి బూతుకు రాడు. టైపు ఇన్‌స్టిట్యూట్ల కథా ఇంతే.

మోటారుసైకిల్ అలాంటిది కాదు. ఈరోజు కొన్న పెట్రోలు బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది. తర్వాత తనిఖీ చేయించుకొని ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. అంటే ఈ సంవత్సరం అమ్ముడైన బండే, మీరు ఫీజు కట్టే పిల్లవాడికి ముప్పై ఏళ్లు వచ్చినప్పుడు రిపేరుకు రావచ్చు. మన్నే వస్తువును ఆనుకొన్న పని మెల్లగా తగ్గుతుంది. ఏ రోజుకారోజు కొనే దాన్ని ఆనుకొన్న పని ఉన్నట్టుండి పోతుంది. మొదట చూడాల్సిన తేడా ఇదే.

రెండో ప్రశ్న: షోరూములో ఎన్ని కాదు, రోడ్డు మీద ఎన్ని?

భాయ్ షోరూమును చూసి భయపడ్డారు. మెకానిక్‌కు కూలి వచ్చేది షోరూములోని బండి నుంచి కాదు, రోడ్డు మీది బండి నుంచి.

సులువు కోసం ఊహాలెక్క ఒకటి వేద్దాం. ఒక ఊళ్లో ఏడాదికి 100 బండ్లు అమ్ముడవుతాయి, ఒక్కొక్కటి 15 ఏళ్లు తిరుగుతుంది అనుకుందాం. ఊళ్లో ఎప్పుడూ 1,500 బండ్లు ఉంటాయి. మొదటి ఏడు నూటికి 5 కరెంటు బండ్లు అమ్ముడయ్యాయి, ఆపైన ఏటా ఇంకో ఐదు చొప్పున పెరిగాయి. పదిహేనో ఏట షోరూములో నూటికి 75 కరెంటు బండ్లే. రోడ్డు మీద లెక్క వేరు. ఆ పదిహేనేళ్లలో అమ్మిన కరెంటు బండ్లన్నీ కలిపితే 600. మిగిలిన 900 పెట్రోలువే. షోరూములో పెట్రోలు బండి నాలుగో వంతుకు పడిపోయిన ఏట కూడా రోడ్డు మీద సగానికి పైగా అవే ఉన్నాయి.

ఈ లెక్కకు అసలు అంకెలు కావాలంటే వాహన్ డ్యాష్‌బోర్డులో ఆర్టీఓ ఆఫీసులవారీగా, ఇంధనంవారీగా రిజిస్ట్రేషన్లు ఎవరైనా చూడవచ్చు. ఏటేటా వాటా ఎంత వేగంగా పెరుగుతోందో గమనించాలి. మా లెక్కలోని ఐదుకు బదులు పది చొప్పున పెరిగితే ఫలితం చాలా మారిపోతుంది.

మన కరువు సీమలో ఇంకో సంగతి ఉంది. వేరుశనగ పోయిన ఏడు రైతు కొత్త బండి కొనడు, ఉన్నదాన్నే రిపేరు చేయించి ఇంకో రెండేళ్లు లాగుతాడు. డబ్బు ఆలస్యంగా ఇస్తాడేమో గానీ పని మాత్రం వస్తుంది.

మూడో ప్రశ్న: పనిలో ఏ భాగం పోతుంది, ఏది ఉంటుంది?

భాయ్‌ని మేము ఒక వారం రోజులు చేసిన పనులన్నీ నోటుబుక్కులో రాయమన్నాము. ఆ జాబితాను రెండుగా విడగొట్టాము. ఇంజనాయిల్ మార్చడం, ప్లగ్గు, క్లచ్ ప్లేట్లు, కార్బురేటర్ ఒకవైపు. ఇవి కరెంటు బండిలో ఉండవు. టైరు, బ్రేకు, బేరింగు, షాకబ్జార్బర్, ఫోర్కు ఆయిల్ సీలు, లైట్ల వైరింగు మరోవైపు. ఇవి ఏ బండికైనా ఉంటాయి. ఆయన రాసిన దాంట్లో రెండు వైపులూ ఇంచుమించు సమానంగా తేలాయి. అలాగైతే మన ఊహాలెక్కలో 900 బండ్లకు పూర్తి పని, 600 బండ్లకు సగం పని. మొత్తం 1,200 బండ్ల పని. 1,500లో ఇది ఐదింట నాలుగు వంతులు. "అయిపోయింది" అన్న పని ఇంత మిగిలింది.

అలాగని భాయ్ భయమంతా వట్టిది కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధన వచ్చాక కొత్త పెట్రోలు బండ్లలో చాలావాటికి కార్బురేటర్ పోయి, సెన్సర్లతో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. స్కానర్ పెట్టి తప్పు చదవడం రాని షెడ్డు నుంచి ఆ బండ్లు ఇప్పటికే వెళ్లిపోతున్నాయి. పని పోకముందే, పాత పద్ధతి ఒక్కటే తెలిసినవాడి చేతిలో నుంచి జారిపోతుంది.

నాలుగో ప్రశ్న: ఆ పని మన పిల్లవాడి చేతికి వస్తుందా?

పని ఉండడం వేరు, మనకు దొరకడం వేరు. కరెంటు బండిలో బ్యాటరీ, కంట్రోలర్ కొన్నేళ్లపాటు కంపెనీ వారంటీలో ఉంటాయి. బయట విప్పితే వారంటీ పోతుంది. కొన్నింటి సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వీసు సెంటరుకే తెరుచుకుంటుంది. కాబట్టి కరెంటు బండ్ల కొత్త పనంతా షెడ్డుకు వస్తుందని లెక్కలో వేసుకోకూడదు. అందుకే మేము వాటిని సగం పనిగానే కట్టాము. ఇక ఉన్న పనిని ఎందరు పంచుకుంటున్నారో కూడా చూడాలి. పని ఐదింట నాలుగు వంతులకు తగ్గి షెడ్లు రెండింతలైతే, ఒక్కో షెడ్డుకు దక్కేది ఇప్పటి దాంట్లో సగం కూడా ఉండదు.

గాలిమరల విషయంలో మన ప్రాంతంలో చాలామంది పొరపాటు పడింది కూడా ఇక్కడే. మరలు నిలబెట్టేటప్పుడు పునాదులకు, రోడ్లకు, లారీలకు మనుషులు బాగా కావాల్సి వచ్చింది. నిలబెట్టడం అయిపోగానే ఆ పని ముగిసింది. మర ఇరవై ఏళ్లకు పైగా తిరుగుతుంది, దాన్ని చూసుకునే పనీ అంతకాలం ఉంటుంది. కానీ దానికి కావాల్సింది కొద్దిమందే, అదీ శిక్షణ ఉన్నవాళ్లు.

మేము ఏం నిర్ణయించాము?

అబ్బాయిని షెడ్డు మాన్పించలేదు, షెడ్డుకే వదిలేయలేదు. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడుకు ఫీజు ఇప్పించాము. సెలవుల్లో నాన్న దగ్గరే పని. మల్టీమీటరు పట్టడం, వైరింగు బొమ్మ చదవడం వస్తే పెట్రోలు బండి సెన్సర్లకూ, కరెంటు బండికీ, బోరు మోటారు స్టార్టరుకూ పనికొస్తుంది. బండ్ల లెక్క తప్పినా ఆ చదువు వృథా కాదు.

పదిహేనేళ్ల ముందుచూపు ఎవరికీ పూర్తిగా ఉండదు. అందుకే మూడేళ్లకోసారి అవే నాలుగు ప్రశ్నలు మళ్లీ వేసుకోవాలని భాయ్‌తో చెప్పాము. ముఖ్యంగా ఒక గుర్తు చూడమన్నాము. సెకండ్‌హ్యాండ్ కరెంటు బండి మన సంతలో కూలి మనిషి కొనే ధరకు వచ్చి, దాని బ్యాటరీ మార్చే ఖర్చు కూడా అతనికి అందుబాటులోకి వచ్చిన రోజు, బూతుల విషయంలో 2003 తర్వాత వచ్చిన మలుపు ఇక్కడా మొదలైనట్టే. ఆ లోపల పిల్లవాడి చేతికి రెండో విద్య వచ్చి ఉండాలి. దాత ఫీజు కట్టేటప్పుడు అడగాల్సింది కూడా ఈ సంగతే.