మీడియన్ ప్యాకేజీ చూశారు సరే, మధ్యలో ఉన్న ఆ రెండు జీతాలూ చూశారా?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడేసరికి తల్లిదండ్రులంతా ఒకే ప్రశ్న అడుగుతారు: "ఆ కాలేజీలో ప్యాకేజీలు ఎలా ఉన్నాయండీ?" అడగాల్సిన ప్రశ్నే. కానీ ఫ్లెక్సీ మీద ఫొటోతో సహా వేసిన అత్యధిక ప్యాకేజీనే చాలామంది జవాబుగా తీసుకుంటారు. కాస్త జాగ్రత్తపరులు సగటు ప్యాకేజీ అడుగుతారు. ఇంకొంచెం తెలిసినవాళ్లు మీడియన్ అడుగుతారు. ఈ మూడో రకం వాళ్లు నడుస్తున్నది సరైన దారే. అయితే "మీడియన్ చూశాం, ఇక మోసపోం" అనే ధీమా ఈ మధ్య బాగా పెరిగింది. ఆ ధీమాతో పది లక్షల అప్పుకు సంతకం పెట్టబోయే ముందు ఆ అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవాలి.

ఒక చిన్న బ్రాంచి అనుకుందాం. అందులో పదిమందికి ఉద్యోగాలు వచ్చాయి. ఏడాది జీతాలు లక్షల్లో, తక్కువ నుంచి ఎక్కువకు రాస్తే ఇలా ఉన్నాయి: 3, 3.2, 3.5, 3.5, 3.6, 4.4, 4.5, 6.5, 7, 32. అన్నీ కూడితే 71.2, కాబట్టి సగటు 7.12 లక్షలు. పదిమందిలో తొమ్మిదిమందికి ఆ సగటు కంటే తక్కువే వస్తోంది. 32 లక్షల ఒక్క జీతం సగటును పైకి లాగేసింది. మీడియన్‌కు ఈ బెడద లేదు. ఆ 32ను 60 చేసినా అది కదలదు, ఎందుకంటే అది చూసేది వరుసలో మధ్య స్థానాన్నే.

ఆ మధ్య ఎక్కడుంది? తొమ్మిదిమంది అయితే చిక్కే లేదు. ఐదోవాడికి ఇటు నలుగురు, అటు నలుగురు. పదిమంది అయ్యేసరికి నడిమధ్యన ఎవరూ ఉండరు. పదో తరగతిలో మధ్యగతం లెక్క చేసేటప్పుడు పిల్లలు ఇక్కడే తప్పుతారు. పదిలో సగం ఐదు కాబట్టి ఐదో విలువ, అంటే 3.6, అని రాసేస్తారు. మార్కు పోతుంది. ఎందుకు పోయిందో మాత్రం ఎవరూ చెప్పరు. "సరి సంఖ్య అయితే రెండు మధ్య విలువల సగటు తీయాలి, సూత్రం గుర్తుపెట్టుకో" అంటారు. ఆ ఎందుకు అన్నది పెద్ద కష్టమైన సంగతేమీ కాదు.

అదే జాబితాను పెద్ద జీతం నుంచి చిన్న జీతానికి తిప్పి రాయండి. ఇప్పుడు ఐదో స్థానంలో 4.4 ఉంటుంది. జీతాలు అవే, మనుషులు వాళ్లే, రాసిన దిక్కు మారినంత మాత్రాన జవాబు 3.6 నుంచి 4.4కు మారిపోయింది. అలా మారే అంకెను మధ్య అనలేం. 3.6, 4.4 రెండింటినీ కూడి సగం చేస్తే 4 వస్తుంది. ఎటు నుంచి లెక్కపెట్టినా అదే వస్తుంది.

ఇంకో వైపు నుంచీ చూడాలి. మీడియన్ నుంచి మనం కోరేది ఒక్కటే: దానికి దిగువన సగం మంది, ఎగువన సగం మంది ఉండాలి. 3.7 లక్షల దగ్గర గీత గీయండి, దిగువన ఐదుగురు, ఎగువన ఐదుగురు. 4.3 దగ్గర గీసినా అంతే. అంటే 3.6కూ 4.4కూ మధ్యనున్న ప్రతి అంకే మీడియన్ అనిపించుకోడానికి అర్హత ఉన్నదే. దూరాలతో లెక్క వేసినా ఇదే తేలుతుంది. 4 లక్షల దగ్గర నుంచి పది జీతాలకూ ఉన్న దూరాలన్నీ కూడితే 37.6 వస్తుంది. 3.6 నుంచి కూడినా 37.6, 4.4 నుంచి కూడినా 37.6. ఆ హద్దు దాటి 3.5కు వెళ్తే 37.8, 5కు వెళ్తే 39.8 అవుతుంది. హద్దు లోపల ఎటు జరిగినా ఐదుగురికి ఎంత దగ్గరవుతామో మిగతా ఐదుగురికి అంతే దూరమవుతాం కాబట్టి మొత్తం మారదు.

ఇక్కడ డేటా మనకు ఒక అంకెను ఇవ్వడం లేదు, ఒక జాగాను మాత్రమే ఇస్తోంది. ఆ జాగాలో ఒక్కొక్కరు ఒక్కో చోట వేలు పెడితే ఒకే జాబితాకు నాలుగు జవాబులు వస్తాయి. ఎటువైపూ మొగ్గకుండా సరిగ్గా నడుమ బిందువునే తీసుకుందాం అన్నది అందరూ ఒప్పుకున్న ఏర్పాటు. అది న్యాయమైన ఏర్పాటే. కానీ ఆ అంకె ఎవరి జీతమూ కానవసరం లేదు. పై జాబితాలో 4 లక్షలు తెచ్చుకునేవాళ్లు ఒక్కరూ లేరు. ఇటు 40 వేలు, అటు 40 వేలే తేడా కాబట్టి అక్కడ నష్టం లేదు. జాగా ఇరుకుగా ఉన్నంత వరకు నడుమ బిందువును నమ్మవచ్చు.

జాగా వెడల్పైతే ఏమవుతుందో ఇప్పుడు చూడండి. మరో బ్రాంచి, మరో పదిమంది: 3.2, 3.3, 3.4, 3.5, 3.5, 11.5, 12, 12, 12.5, 13. సగంమందిని మూడున్నర లక్షల దగ్గర పెద్దఎత్తున తీసుకునే కంపెనీ చేర్చుకుంది. మిగతా సగం కోడింగ్ పరీక్షలు దాటి పెద్ద జీతాలకు వెళ్లారు. మధ్య విలువలు 3.5, 11.5. మీడియన్ 7.5 లక్షలు. బ్రోషర్‌లో ఆ అంకె నిజాయితీగానే అచ్చవుతుంది, లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఆ 7.5కు నాలుగు లక్షల లోపు దూరంలో ఒక్క విద్యార్థి కూడా లేడు. పైగా 13 లక్షల అమ్మాయి ఉద్యోగం వద్దనుకుని ఎంటెక్‌కు వెళ్లిందనుకోండి, తొమ్మిదిమంది మిగిలి మీడియన్ 3.5కు పడిపోతుంది. ఆమె ఉండి 3.2 లక్షల అబ్బాయి వెళ్లిపోతే 11.5కు ఎగబాకుతుంది. ఒక్క మనిషి అటూ ఇటూ అయినందుకే ఇంతగా ఊగే అంకెను నమ్మి ఇల్లు తాకట్టు పెట్టకూడదు.

తాకట్టు అని ఊరికే అనడం లేదు. మేనేజ్‌మెంట్ కోటా సీటు కోసం 10 లక్షల విద్యారుణం తీసుకుంటే, పదేళ్లకు, 10 శాతం వడ్డీ మీద నెలకు 13 వేల పైచిలుకు వాయిదా పడుతుంది. ఏడాదికి 7.5 లక్షలంటే కోతలకు ముందు నెలకు 62,500, వాయిదా పెద్ద భారం అనిపించదు. తల్లిదండ్రులు వేసుకునే లెక్క అదే. కానీ వాళ్ల అబ్బాయి నిజంగా చేరేది ఏ గుంపులో? 3.5 లక్షల గుంపులో చేరితే నెలకు 29 వేల చిల్లర, అదీ కోతలకు ముందు. అందులో దాదాపు సగం బ్యాంకుకే పోతుంది. మిగిలినదాంతో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో గది అద్దె కట్టుకుని బతకాలి. ఈ బరువు మోసేది ఇరవై రెండేళ్ల పిల్లవాడు. పైగా "అంత ఖర్చుపెట్టి చదివించాం" అన్న మాట కూడా వాడే వినాలి. 7.5 అన్న అంకెను ఎవరూ తెచ్చుకోలేదన్న సంగతి తెలియకుండా వాణ్ని దానితో కొలవడం నాకు బొత్తిగా నచ్చదు.

కాబట్టి ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను మీడియన్‌తో పాటు ఆ రెండు మధ్య జీతాలనూ అడగండి. పేర్లు లేకుండా బ్రాంచి జీతాల జాబితా ఇస్తే ఇంకా మంచిది. దాన్ని ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసలో పెట్టి ఈ మూడు సూత్రాలు కొట్టండి:

```
=MEDIAN(A1:A10)
=SMALL(A1:A10,5)
=SMALL(A1:A10,6)
```

రెండో బ్రాంచి జాబితా పెడితే మొదటిది 7.5 చూపిస్తుంది. మిగతా రెండూ 3.5, 11.5 అని అసలు సంగతి బయటపెడతాయి. జాబితాలో ఇరవైమంది ఉంటే 5, 6 బదులు 10, 11 పెట్టాలి. బేసి సంఖ్య అయితే మధ్య జీతం ఒక్కటే ఉంటుంది, దాని ఇరుపక్కల జీతాలు కూడా చూడండి. ఇస్తామంటూ రోజులు గడిపే కాలేజీ విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: అక్కడ డబ్బు కట్టకండి.

మరి ర్యాంకింగుల్లో మీడియన్ ఉంటుంది కదా అని అడుగుతారు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొనే కాలేజీలు తాము సమర్పించిన వివరాలను తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఉద్యోగం వచ్చినవారి మీడియన్ జీతం ఉంటుంది. అది తప్పక చూడవలసిందే. కానీ నాలుగేళ్ల యూజీ కోర్సు మొత్తానికీ కలిపి ఒకే అంకె ఇస్తారు. సీఎస్‌ఈ, సివిల్, మెకానికల్ అన్నీ అందులో కలిసిపోతాయి. వందలమంది ఉన్న జాబితాలో పక్కపక్క జీతాల మధ్య ఎడం సాధారణంగా తక్కువ కాబట్టి నడుమ బిందువు చిక్కు పెద్దగా రాదు. అయితే మీ అమ్మాయి చేరబోయే బ్రాంచి మీడియన్‌ను ఆ ఒక్క అంకె నుంచి వెనక్కి రాబట్టలేం. బ్రాంచి జాబితా అడగాలి, అది చిన్నదిగా ఉంటుంది, చిన్న జాబితాలోనే ఆ జాగా వెడల్పయ్యే ప్రమాదం ఎక్కువ.

ఇంకో సంగతి, అది ఉద్యోగం వచ్చినవారి మీడియన్ మాత్రమే. మొదటి బ్రాంచికే తిరిగి వెళ్దాం. అక్కడ నిజానికి ఇరవైమంది చదివి, పదిమందికి ఉద్యోగం రాలేదనుకోండి. వాళ్లెవరూ పైచదువుకూ వెళ్లలేదు. ఆ పదిమంది జీతం సున్నా అని రాసి ఇరవై విలువలనూ వరుసలో పెడితే, పదో విలువ 0, పదకొండోది 3. నడుమ బిందువు 1.5 లక్షలు. బ్రోషర్‌లో 4 అన్న అంకె అందరినీ లెక్కలోకి తీసుకునేసరికి 1.5 అయింది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ పట్టికలో సకాలంలో కోర్సు పూర్తి చేసినవారు ఎందరు, ఉద్యోగం వచ్చినవారు ఎందరు, పైచదువుకు ఎంపికైనవారు ఎందరు అన్న గడులు మీడియన్ పక్కనే ఉంటాయి. ముందు వాటిని చదవండి.

కౌన్సెలింగ్‌కు కావాల్సిన అర్హతలు, సర్టిఫికెట్లు నోటిఫికేషన్‌లో ఉంటాయి, వాటి గురించి బెంగ అక్కర్లేదు. బెంగపడాల్సింది ఏ సీటును ముందు పెట్టుకోవాలన్న దాని గురించి. నన్ను అడిగితే మీడియన్ 4 ఉండి మధ్య జీతాలు 3.6, 4.4గా ఉన్న కాలేజీలో కన్వీనర్ కోటా సీటునే ముందు పెట్టమంటాను. మీడియన్ 7.5 ఉండి మధ్య జీతాలు 3.5, 11.5గా ఉన్న చోట అప్పుచేసి కొనే మేనేజ్‌మెంట్ సీటు ఆ తర్వాతే. రెండో కాలేజీ చెడ్డదని కాదు. అక్కడ పై గుంపులో చేరిన ఐదుగురు మొదటి ఏడాది నుంచీ ప్రోగ్రామింగ్ మీద ఇష్టంగా కూర్చున్నవాళ్లై ఉండవచ్చు. మీ పిల్లవాడికి ఆ ఇష్టం ఉందా లేదా అన్నది బ్రోషర్ చెప్పదు. వాణ్నే కూర్చోబెట్టి అడగండి, వాడు లేదంటే ఆ మాటను మీడియన్ చూపించి కొట్టిపారేయకండి.